బతకడం కష్టమని ఐసీయూ బయట ఎలా చెప్పాలి?

పేషెంట్ బతకడం కష్టమని తెలిశాక, బయట కూర్చున్న ఇంట్లోవాళ్లతో డాక్టర్ ఏమనాలి?

వాళ్లను పక్కన కూర్చోబెట్టి, చనిపోయే అవకాశమే ఎక్కువని ఆ మాటతోనే చెప్పాలి. "కండిషన్ సీరియస్" అని ఊరుకుంటే కోలుకుంటారనే అనుకుంటారు, కడసారి చూడాల్సినవాళ్లను పిలిపించుకోరు. ఉదాహరణకు, న్యుమోనియాతో వెంటిలేటర్ మీదున్న పెద్దాయనకు కిడ్నీలూ దెబ్బతింటే: "మందు ఎంత పెంచినా బీపీ నిలవడం లేదమ్మా. నాన్నగారు ఒకట్రెండు రోజుల్లో చనిపోతారేమోనని మా భయం." అక్కడ ఆగి, ఏడవనివ్వాలి. ఆ క్షణాన రిపోర్టుల అంకెలు చెప్పినా ఎలాగూ చెవికెక్కవు.

నిజం చెబితే ఆశ చంపినట్టేనని చాలామంది భయం. నిజానికి కుంగదీసేది "ఇంక మేం చేసేదేం లేదు" అన్న మాట, పైగా అది అబద్ధం. "ఆయాసం, నొప్పి లేకుండా చూస్తాం, లోపలికొచ్చి చెయ్యి పట్టుకోండి" అనొచ్చు.