కార్డ్‌లెస్ డ్రిల్ కొద్దిసేపు తిరిగి ఆగిపోవడానికి కారణం

ఛార్జర్‌లో పచ్చలైటు వస్తుంది, కానీ చెక్కలో దించిన పది సెకన్లకే డ్రిల్ ఆగిపోతుంది. లోపం బ్యాటరీదా, స్విచ్‌దా, ఛార్జర్‌దా?

ఎక్కువగా ఇది బ్యాటరీ ప్యాక్‌లో ఒక్క సెల్ బలహీనపడటం వల్ల వస్తుంది. 18 వోల్టుల ప్యాక్‌లో లిథియం సెల్స్ అయిదు వరుసగా కలిపి ఉంటాయి. భారం పడినప్పుడు వాటిలో పాడైనదాని వోల్టేజి ఒక్కసారిగా కుంగితే, రక్షణ సర్క్యూట్ మొత్తం ప్యాక్‌నే ఆపివేస్తుంది.

కావలిలో తలుపు చట్రానికి వేపచెక్క తొలుస్తున్న డ్రిల్‌నే తీసుకుందాం. భారం లేనప్పుడు కొలిస్తే ప్రతి సెల్ 4.1 వోల్టులు, మొత్తం 20.5. బిట్ చెక్కలో దిగగానే నాలుగు సెల్స్ 3.8 దగ్గర నిలిచి, అయిదోది 2.4కు పడిపోతుంది. ట్రిగ్గర్ వదిలితే అది మళ్లీ కోలుకుంటుంది గనుక డ్రిల్ వెంటనే తిరిగి, మళ్లీ ఆగుతుంది.

వేడి వల్ల ఆగినదైతే వెంటనే తిరగదు, చల్లబడేదాకా ఆగాలి; ఒంగోలు మే నెల ఎండలో దానికి చాలాసేపే పడుతుంది. మంచి బ్యాటరీ పెట్టినా ఆగుతూ, ట్రిగ్గర్‌ను అటూఇటూ కదిపితే తిరుగుతుంటే అది స్విచ్ లోపం. ఛార్జర్‌దే తప్పయితే, దాని నుంచి తీసిన వెంటనే కొలిచినా ఏ ప్యాక్‌లోనూ 20 వోల్టులు కనిపించవు.

పచ్చలైటు వస్తే బ్యాటరీ బాగున్నట్టేనని చాలామంది పొరబడతారు. ఆ లైటు వోల్టేజి నిండిందని మాత్రమే చెబుతుంది, భారాన్ని మోయగలదో లేదో చెప్పదు.