మారటోరియంలో వడ్డీ ఆగదు, దాన్ని ప్రాజెక్టు ఖర్చులోనే చూపించండి

ప్రశ్న: చీమకుర్తి దగ్గర చిన్న గ్రానైట్ కటింగ్ యూనిట్ పెడదామని బ్యాంకు లోనుకి ప్రాజెక్టు రిపోర్టు రాసుకుంటున్నా. ఏడాది మారటోరియం ఇస్తామంటున్నారు. ఫైనాన్స్ భాగంలో వాయిదాల పట్టిక, మొత్తం వడ్డీ ఎలా వేసి చూపించాలి?

నేను ఒంగోల్లో అకౌంట్లు రాస్తాను, ఇలాంటి రిపోర్టులు చాలా చేశాను. మా బావమరిది కూడా మీలాగే చీమకుర్తి దారిలో కట్టర్లు, పాలిషింగ్ మెషీన్లు పెట్టాడు. వాడి లెక్కే చెప్తాను.

మొదట వాడు నా దగ్గరికి రాలేదు. ఒక జిరాక్స్ షాపులో రిపోర్టు కొట్టించుకుని నేరుగా బ్యాంకుకి పోయాడు. మేనేజరు గారు ముందు పేజీలేమీ చూడలేదంట. నేరుగా వాయిదాల పట్టిక తీసి, మొదటి పన్నెండు గళ్ళ మీద పెన్ను పెట్టి, "ఇక్కడన్నీ సున్నాలు వేశావు. ఈ ఏడాది వడ్డీ ఎవరు కడతారయ్యా?" అన్నారంట. సాయంత్రం కర్నూలు రోడ్డులో టీ కొట్టు దగ్గర కలిసి, "అదేంది బావా, మారటోరియం అంటే ఏడాదిపాటు ఏమీ కట్టక్కర్లేదు గదా" అన్నాడు.

ఈ భ్రమ చాలామందిలో ఉంది. 2020లో కరోనా టైములో మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చన్నారు చూడండి, అప్పటినుంచి మరీ ముదిరింది. అప్పుడు కూడా ఆగింది కట్టడమే గానీ వడ్డీ కాదు. తర్వాత వడ్డీ మీద పడ్డ వడ్డీ విషయంలోనే ఊరట దొరికింది, అసలు వడ్డీ అందరూ కట్టారు. మీకిచ్చే మారటోరియం మామూలుగా అసలు వరకే. వడ్డీ నెలనెలా ఖాతాలో పడుతూనే ఉంటుంది, పడ్డది పడ్డట్టు కట్టాలి. కట్టకుండా తొంభై రోజులు దాటితే, యూనిట్ మొదలుకాకముందే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ, అయిపోతుంది. కొన్ని శాంక్షన్ లెటర్లలో ఈ వడ్డీని అసలుకి కలుపుతామని ఉంటుంది. అప్పుడు చేతి నుంచి ఏమీ పోదు గానీ, అసలు పెరిగి ఆ తర్వాత ప్రతి వాయిదా బరువెక్కుతుంది. మీది ఏ రకమో రిపోర్టు రాయకముందే బ్యాంకులో అడిగి తెలుసుకోండి.

ఇక వాడి లెక్క. షెడ్డుకి, మెషీన్లకి కలిపి 80 లక్షలు. బ్యాంకు 60 లక్షలు, వాడిది 20. వడ్డీ 12 శాతం, అంటే నెలకి నూటికి రూపాయి. మొత్తం ఆరేళ్ళు, అందులో మొదటి ఏడాది మారటోరియం. మిగిలిన అరవై నెలల్లో నెలకి లక్ష చొప్పున అసలు, దానికి తోడు ఆ నెల వడ్డీ.

బ్యాంకు 60 లక్షలూ మొదటిరోజే చేతిలో పెట్టదు. షెడ్డుకి 20 లక్షలు ముందిచ్చింది. మెషీన్ల 40 లక్షలు ఏడో నెల మొదట్లో సప్లయర్ ఖాతాకి పోయాయి. అందుకని మొదటి ఆరు నెలలు నెలకి 20 వేలు, తర్వాతి ఆరు నెలలు నెలకి 60 వేలు వడ్డీ. మొత్తం 4 లక్షల 80 వేలు. ఒక్క స్లాబ్ కూడా కోయకముందే కట్టాల్సిన డబ్బు ఇది. రిపోర్టులో దీనికి చోటు ఒక్కటే, ప్రాజెక్టు ఖర్చు. నిర్మాణ కాలపు వడ్డీ అని ఒక వరుస పెట్టి, ఖర్చు 84 లక్షల 80 వేలు చేశాను. ఎదురుగా వాడి వాటా 24 లక్షల 80 వేలు అయింది. "ఇంకో అయిదు లక్షలు యాడ తేను బావా" అన్నాడు. ఆ మాట లోను తీసుకోకముందే రావడం మంచిది. నన్నడిగితే చిన్న యూనిట్లు ఎక్కువగా మునిగేది ఇక్కడే. ఈ వడ్డీని లెక్కలో పెట్టుకోక, బయట నూటికి మూడు రూపాయలకి తెచ్చి బ్యాంకుకి కడతారు.

పదమూడో నెల నుంచి పట్టిక. మొదటి నెల వడ్డీ 60 వేలు, తర్వాత 59 వేలు, అలా నెలకో వెయ్యి తగ్గుతూ చివరి నెల వెయ్యి రూపాయలు. అరవై వరుసలూ వేయండి, కూడికని మాత్రం ఈ సూత్రంతో సరిచూసుకోండి:

```
వడ్డీ = అసలు × నెల వడ్డీ రేటు × (వాయిదాలు + 1) / 2
6000000 × 0.01 × 61 / 2 = 1830000
```

18 లక్షల 30 వేలు. దానికి ముందటి 4 లక్షల 80 వేలు కలిపితే మొత్తం వడ్డీ 23 లక్షల 10 వేలు. ఫోన్లో ఈఎంఐ కాలిక్యులేటర్ కొట్టి ఆ అంకె రిపోర్టులో ఎక్కించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది ఇంటి లోను పద్ధతి, నెలనెలా ఒకే మొత్తం కట్టే లెక్క. ఇదే 60 లక్షలకి అది ఆ అయిదేళ్ళకే 20 లక్షల పైన వడ్డీ చూపిస్తుంది, మారటోరియం ఏడాది సంగతి దానికి తెలియదు. ఎక్సెల్లో CUMIPMT వాడినా అంతే.

మొత్తం వడ్డీ కంటే నేను ఎక్కువసేపు చూసేది కట్టడం మొదలైన మొదటి ఏడాదిని. ఆ ఏడాది అసలు 12 లక్షలు, వడ్డీ 6 లక్షల 54 వేలు, కలిపి 18 లక్షల 54 వేలు. ఆఖరి ఏడాది ఇదే 12 లక్షల 78 వేలకి దిగుతుంది. అంటే యూనిట్‌కి సంపాదన అన్నిటికంటే తక్కువ ఉన్నప్పుడే బరువు ఎక్కువ. జిరాక్స్ షాపు రిపోర్టులో సగటు డీఎస్‌సీఆర్, అంటే ఏడాదిలో చేతికొచ్చే డబ్బు ఆ ఏడాది కట్టాల్సిన అసలు, వడ్డీలకి ఎన్ని రెట్లో చెప్పే అంకె, బ్రహ్మాండంగా ఉంది, ఎందుకంటే చివరి ఏళ్ళు మొదటి ఏడాదిని కప్పేశాయి. మొదటి ఏడాదిది విడిగా తీస్తే ఒకటికి కాస్త పైన. ఒక్క కొనుగోలుదారు రెండు నెలలు బకాయి పెడితే వాయిదా తప్పుతుంది. గ్రానైట్‌లో బకాయి పెట్టనివాడు ఎవడు?

అందుకని మెట్ల పద్ధతి అడిగాం. మొదటి పన్నెండు నెలలు యాభై వేలు చొప్పున అసలు, తర్వాత నలభై ఎనిమిది నెలలు లక్షా పన్నెండు వేల అయిదొందలు. ఆ మొదటి ఏడాది కట్టేది 12 లక్షల 87 వేలకి తగ్గింది. బదులుగా మొత్తం వడ్డీ లక్షా 80 వేలు పెరిగింది. "ఊరికే అంత ఎందుకు బావా" అని వాడు గింజుకున్నాడు. ఆ లక్షా 80 వేలు అయిదేళ్ళ మీద పరుచుకుంటుంది, గండం ఉన్నది మాత్రం ఆ ఒక్క ఏడాదిలోనే. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి ఇచ్చాం, బ్యాంకు రెండోదానికే ఒప్పుకుంది.

శాంక్షన్ లెటర్‌లో మారటోరియం ఏ రోజు నుంచి మొదలవుతుందో తప్పక చదవండి. వాడిది మొదటి విడత డబ్బు ఇచ్చిన రోజు నుంచి. షెడ్డు లేచి, మెషీన్లు దిగి కూడా కరెంటు కనెక్షన్ పదకొండో నెలకి గానీ రాలేదు. ఆ ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో ఎవరూ చెప్పరు, మన వడ్డీ మాత్రం ఆగదు. కరెంటు దరఖాస్తు షెడ్డు పునాదితో పాటే పెట్టండి. పట్టికలో కూడా మెషీన్ తిరగడానికీ మొదటి వాయిదాకీ మధ్య కనీసం మూడు నెలలుండేలా మారటోరియం అడగండి. వాడికి మిగిలింది ఒక్క నెలే.

ఇంకొకటి. చిన్న యూనిట్ల కొత్త ఫ్లోటింగ్ లోన్లు 2019 అక్టోబరు నుంచి రెపో లాంటి బయటి రేటుకి ముడిపడి ఉన్నాయి, కాబట్టి 12 ఆరేళ్ళూ 12గానే ఉండదు. మొదటి పట్టిక ప్రకారమైతే ఒక శాతం పెరిగితే మొత్తం వడ్డీ 23 లక్షల 10 వేల నుంచి 25 లక్షల పైకి పోతుంది. ఆ వరుస కూడా పట్టిక కింద రాసివ్వండి, మేనేజరు అడిగేదాకా ఆగొద్దు.