బండి కొనాలా, లీజుకు తీసుకోవాలా: నేటి విలువలో చూస్తే

ప్రశ్న: గుంటూరు పట్నంబజారులో కారం, పసుపు, మసాలా పొడుల హోల్‌సేల్ వ్యాపారం నాది. విజయవాడ దుకాణాలకు నెలలో 26 రోజులు సరుకు వేయడానికి చిన్న నాలుగు చక్రాల గూడ్స్ బండి కావాలి. జీఎస్టీ కాకుండా ఆన్‌రోడ్ ధర 6 లక్షలు. నేను 1,20,000 కడితే మిగతా 4,80,000కు బ్యాంకు 12 శాతం వడ్డీతో లోను ఇస్తానంది, 48 నెలలు, నెలకు 12,640. లీజు కంపెనీ 48 నెలలకు నెలకు 14,500 ముందుగా కట్టమంటోంది. ఇన్సూరెన్స్, సర్వీసింగ్ వాళ్లవే. మూడు నెలల అద్దె డిపాజిట్. నెలకు 2,000 కిలోమీటర్లు దాటితే కిలోమీటరుకు 4 రూపాయలు. అన్నీ కూడితే కొనడానికి 7,26,720, లీజుకు 6,96,000 అవుతోంది. లీజే మేలా?

జవాబు: మీ కూడికలో తప్పు లేదు, కానీ మీరు కూడినవన్నీ ఒకే కాలపు రూపాయలు కావు. అప్పుల విషయంలో మనం రోజూ వాడే ‘రూపాయి వడ్డీ’ అనే మాటలోనే దీనికి కావలసిన సూత్రం ఉంది. నూటికి నెలకు రూపాయి అంటే ఈరోజు 100 రూపాయలు నెల తిరిగేసరికి 101 అవుతాయి. అదే లెక్కను వెనక్కి తిప్పితే, వచ్చే నెల కట్టవలసిన 101 రూపాయలకు ఈరోజు 100 పక్కన పెడితే చాలు. ఇలా నెలకొకసారి 1.01తో భాగిస్తూ వస్తే, 48వ నెలలో కట్టే 100 రూపాయల నేటి విలువ 62 రూపాయలకు దిగుతుంది. మీ చివరి వాయిదా 12,640 రూపాయలు ఈనాటి లెక్కలో 7,840 మాత్రమే.

మీ లోను వడ్డీ కూడా సరిగ్గా రూపాయి వడ్డీయే కాబట్టి, ఆ రేటుతో వెనక్కి లెక్కిస్తే 48 వాయిదాల నేటి విలువ కలిపి మళ్లీ 4,80,000కే వస్తుంది. మీ కూడికలో కొనుగోలు మీద భారంగా కనిపించిన 1,26,720 రూపాయల వడ్డీ, డబ్బును ఆలస్యంగా కట్టినందుకు ఇచ్చే ధర మాత్రమే. లీజు అద్దెలో కూడా అలాంటి ధర దాగి ఉంటుంది, దానికి విడిగా పేరు ఉండదు. కాబట్టి కొనుగోలు పక్కన 6,00,000 వేసుకుని, లీజులో లేని ఖర్చులను దానికి చేర్చాలి. మొదటి ఏడాది ఇన్సూరెన్స్ ఆన్‌రోడ్ ధరలోనే ఉంటుంది. తరువాతి మూడేళ్లకు ఏటా 24,000 చొప్పున అనుకుంటే నేటి విలువ సుమారు 56,975. సర్వీసింగ్, టైర్లకు సగటున నెలకు 1,500 పెట్టుకుంటే మరో 56,961. నాలుగేళ్ల తరువాత బండి మీదే కనుక దాన్ని అమ్మితే వచ్చే సొమ్మును తీసివేయాలి. 2,20,000 వస్తుందనుకుంటే ఈనాటికి అది 1,36,457. మొత్తం మీద కొనుగోలు భారం 5,77,479 రూపాయలు.

లీజు అద్దె నెల మొదట్లో కట్టాలి, బ్యాంకు వాయిదా నెలాఖరున కట్టాలి. ఈ తేడాను చాలామంది వదిలేస్తారు. ఎక్సెల్‌లో చేసేటప్పుడు చివరి 1 దానికోసమే:

```
=PV(1%,48,-14500,0,1)
```

ఇది 5,56,129 చూపిస్తుంది. ఆ 1 వేయకపోతే దాదాపు 5,500 తక్కువ చూపించి లీజును చౌకగా కనబరుస్తుంది. డిపాజిట్ 43,500 నాలుగేళ్లకు వడ్డీ లేకుండా తిరిగి వస్తుంది కాబట్టి అందులో మీరు నష్టపోయేది 16,519. రెండూ కలిపితే 5,72,648. అంటే మీకు కనిపించిన 30,720 రూపాయల తేడా 5,000 లోపుకు కుంగిపోయింది, దాని మీద ఆధారపడి నిర్ణయం తీసుకోవడానికి లేదు.

అయితే నిర్ణయాన్ని తేల్చేది మీరు ఉత్తరంలో రాసి లెక్కలో కలపని అంశం. గుంటూరు నుంచి విజయవాడ సుమారు 35 కిలోమీటర్లు. రానుపోను 70, వన్‌టౌన్, గవర్నర్‌పేట లాంటి చోట్ల దుకాణం దుకాణానికి తిరగడానికి ఒక 30, రోజుకు 100 కిలోమీటర్లు. నెలకు 2,600. ఒప్పందపు పరిమితి కన్నా 600 ఎక్కువ, అంటే నెలకు 2,400 రూపాయలు అదనం, నేటి విలువలో 91,138. దీన్ని చేరిస్తే లీజు 6,63,786కు చేరుతుంది. న్యాయంగా చూడాలంటే అంత తిరిగిన బండికి అమ్మకపు ధర కూడా తగ్గుతుంది. నాలుగేళ్లకు మీటరు 1,24,800 చూపిస్తుంది కనుక 2,20,000 బదులు 1,80,000 వేసుకుందాం. అప్పుడు కొనుగోలు 6,02,289. అయినా లీజు కన్నా 61,000కు పైగా తక్కువే. ఈ లెక్కన మీరు కొనడం మంచిదని నా అభిప్రాయం.

ఒక్క షరతు ఉంది. చేతి నుంచి కట్టే 1,20,000 మీ సొంత సొమ్మో, రూపాయి వడ్డీకి దొరికేదో అయితేనే ఇది నిలుస్తుంది. మిర్చి సీజనులో సరుకు కొనడానికి మీరు రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నట్లయితే, మీ దగ్గర కదలకుండా చిక్కుకుపోయే ప్రతి రూపాయి ధరా అదే కాబట్టి, లెక్కను నెలకు 2 శాతంతో చేయాలి. అప్పుడు కొనుగోలు సుమారు 5,29,750, లీజు 5,53,950 అవుతాయి. తేడా 24,000కు తగ్గుతుంది. వడ్డీ ధర పెరిగే కొద్దీ, దూరంగా ఉన్న అమ్మకపు సొమ్ము కరిగిపోయి, ముందు పెద్ద మొత్తం అడగని లీజు బలపడుతుంది. అందుకే రేటు ఊహించి వేయకూడదు, మీరు నిజంగా కడుతున్న వడ్డీనే వేయాలి.

పన్నుల గురించి క్లుప్తంగా చెబుతాను. గూడ్స్ బండి కనుక జీఎస్టీ క్రెడిట్ కొన్నా, లీజుకు తీసుకున్నా దొరుకుతుంది. అందుకే రెండు వైపులా దాన్ని వదిలేశాను. మీరు కాంపోజిషన్ పథకంలో ఉంటే మాత్రం క్రెడిట్ రాదు, బండి ధర మీదా ప్రతి అద్దె మీదా పన్ను కలిపి మళ్లీ లెక్క వేయాలి. ఆదాయపు పన్నును టర్నోవరు మీద శాతంగా ప్రిజంప్టివ్ పద్ధతిలో చూపిస్తుంటే అద్దెకూ, తరుగుదలకూ, వడ్డీకీ విడిగా మినహాయింపు ఉండదు కనుక పై అంకెలు మారవు.

లీజు ఒప్పందంలో మరో రెండు చోట్ల ఆగి చదవండి: మధ్యలో బండి తిరిగి ఇస్తే ఎన్ని నెలల అద్దె కట్టాలి, చివర్లో సొట్టలకూ, అరిగిన టైర్లకూ డిపాజిట్ నుంచి ఎంత కోస్తారు. సరుకు మూటలు ఎక్కించి దించే బండికి తొట్టి మీద గీతలు పడక మానవు. ‘సాధారణ అరుగుదల’ అంటే ఏమిటో కాగితం మీద రాయించుకోకపోతే డిపాజిట్ పూర్తిగా వెనక్కి వస్తుందని లెక్కించకండి.

అన్నీ చూశాక కూడా లీజు వైపే మనసు ఉంటే, కిలోమీటర్ల పరిమితిని 2,600కు పెంచమని కంపెనీని అడగండి. మూడు నెలల డిపాజిట్‌తో సహా అద్దె 15,250 వద్ద లీజు, కొనుగోలు సమానమవుతాయి. అంతకన్నా తక్కువకు ఒప్పుకుంటే లీజు తీసుకోండి, ఒక్క వంద ఎక్కువ చెప్పినా బ్యాంకుకు వెళ్లండి.