ఇంటికి ఎంత పంపాలి, నాకు ఎంత దాచుకోవాలి?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు దాటింది. చేతికొచ్చే జీతంలో 33 శాతం ప్రతినెలా ఇంటికి పంపుతాను. నాన్న అప్పు ఈఎంఐ కూడా అందులోంచే కడతారు, అది జీతంలో 12 శాతం, ఇంకా 14 నెలలుంది. అద్దె, తిండి, ప్రయాణాలు కలిపి నా ఖర్చు 40 శాతం. లెక్క ప్రకారం నాలుగో వంతుకు పైనే మిగలాలి, కానీ ఖాతాలో ఒక నెల జీతం కూడా లేదు. మధ్యమధ్యలో ఇంటి నుంచి అడిగితే కాదనలేను. తగ్గిద్దామంటే గిల్టీగా ఉంటుంది. ఎంత పంపడం సబబు?

జవాబు: ఆ 33 శాతాన్ని ఇప్పుడే కదపొద్దు. మీ డబ్బు పోతున్నది అక్కడ కాదు, ఆ "మధ్యమధ్యలో" దగ్గర. ఇంటికి నెలనెలా ఇచ్చేది ఎంతో మీకు కచ్చితంగా తెలుసు, విడిగా అడిగినప్పుడు ఇచ్చేది ఎంతో తెలియదు, దాన్ని మీరు ఎప్పుడూ కూడి ఉండరు.

ముందు ఆ పని చేయండి. గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ఇంట్లోవాళ్లకు వెళ్లిన ప్రతి మొత్తాన్నీ, మీరు వాళ్ల తరఫున నేరుగా కట్టిన బిల్లులు, ఫీజులతో సహా ఒక కాగితం మీద రాయండి. మామూలుగా పంపేది పక్కనపెట్టి మిగతావి కూడి ఆరుతో భాగిస్తే నెలకు సగటున విడిగా ఎంత పోతోందో తేలుతుంది. మీ జీతం 100 అనుకుని, ఈ సగటు 18 వచ్చిందనుకుందాం. అంటే మీరు ఇంటికి ఇస్తున్నది నిజానికి 51. మీ ఖర్చు 40 పోగా మిగిలేది 9, అది నెలాఖరుకు లెక్కకు అందకుండా అయిపోతోంది.

ఇప్పుడు ఆ 18ని విడదీయండి. ఒక్కో మొత్తం పక్కన ఎందుకిచ్చారో రాస్తే, అందులో చాలా భాగం అనుకోకుండా వచ్చిన ఖర్చులు కావని మీకే కనిపిస్తుంది. తమ్ముడి ఫీజు, బీమా ప్రీమియం, ఇంటి రిపేరు లాంటివి ఏటా వచ్చేవే, కాకపోతే నెలనెలా రావు కాబట్టి వచ్చిన ప్రతిసారీ కొత్తగా మీద పడ్డట్టు ఉంటుంది. ఇవి సగటున 11 అనుకోండి. జ్వరమొచ్చింది, ఫ్రిజ్ పాడైంది లాంటి నిజమైన అనుకోని ఖర్చులు 4. మిగిలిన 3 ఇంకో నెల ఆగినా ఏమీ కానివి, అడిగారు కాబట్టి ఆ పూటే ఇచ్చేసినవి.

మొదటి రెండూ కలిపితే 15. ఈ 15ని జీతం పడిన రోజే మీ పేరు మీదే ఉన్న వేరే ఖాతాలోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి, దానికి కార్డు తీసుకోకండి. అది ఇంటి డబ్బే, కాకపోతే మీ దగ్గర ఉంటుంది. ఎవరు ఏం అడిగినా అందులోంచే ఇవ్వండి. ఖాళీ అయితే, ఆసుపత్రి ఖర్చు తప్ప మిగతావి వచ్చే నెల దాకా ఆగాలి. మొదటి రెండు మూడు నెలలు ఈ ఖాతా నిండేలోపే పెద్ద ఫీజు ఒకటి వచ్చిపడొచ్చు, అప్పుడు వీలైతే వాయిదాల్లో కట్టే పద్ధతి అడగండి, ఇది పని చేయట్లేదని మానేయకండి.

మీ సొంత ఖర్చుకు 40 అన్నారు, నేను 43 వేస్తున్నాను. మీరు రాసిన దాంట్లో బట్టలు, ఫోను, స్నేహితులతో బయటికి వెళ్లడం ఏవీ లేవు, అవన్నీ సున్నా అనుకుని వేసిన బడ్జెట్ రెండో నెలకే తప్పుతుంది. ఇంటికి 33, ఇంటి నిధికి 15, మీకు 43, దాచుకోవడానికి 9. ఈ 9 కూడా జీతం రోజే పక్కకు వెళ్లిపోవాలి, నెలాఖరున మిగిలితే వేద్దామంటే మిగలదు.

9 తక్కువని మీకు అనిపిస్తుంది, నిజమే తక్కువే. కానీ లెక్క చూడండి. మీకు మొదట కావాల్సింది ఎమర్జెన్సీ ఫండ్, దాన్ని చాలామంది సొంత ఖర్చుల మీదే లెక్కేస్తారు, మీ విషయంలో అది సరిపోదు. ఉద్యోగం పోతే ఇంటికి వెళ్లే 33 కూడా ఆగుతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. బిగించుకుంటే మీ ఖర్చు 35కి వస్తుందనుకున్నా, ఇంటి 33తో కలిపి నెలకు 68, మూడు నెలలకు 204. నెలకు 9 చొప్పున 14 నెలల్లో 126 అవుతుంది. అప్పటికి నాన్నగారి అప్పు తీరుతుంది, ఆ 12 కూడా మీ పొదుపులో కలిస్తే నెలకు 21, ఇంకో నాలుగు నెలల్లో 204 దాటేస్తారు. ఏడాదిన్నరలో పని అవుతుంది, అదీ నెలనెలా ఇంటి ఖర్చులకు పంపేది ఒక్క పైసా తగ్గించకుండా. ఈఎంఐ పోయాక ఇంటికి పంపే అవసరం కూడా 21కి దిగుతుంది కాబట్టి, అదే డబ్బు నాలుగు నెలలకు దగ్గరగా సరిపోతుంది.

అయితే ఈ లెక్క నిలిచేది ఆ 12 నిజంగా మీ దగ్గరికి తిరిగొస్తేనే. ఎక్కువమందికి ఇక్కడే చెయ్యిజారుతుంది. అప్పు తీరిన నెల కూడా పాత మొత్తమే పంపుతారు, రెండు మూడు నెలల్లో అది ఇంటి ఖర్చులో కలిసిపోతుంది, ఆ తర్వాత తగ్గించడం చాలా కష్టం. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పాలి, 14 నెలల తర్వాత కాదు. "నాన్నా, అప్పు అయ్యేదాకా ఇంతే పంపుతాను, అయ్యాక ఈఎంఐ డబ్బు నేను దాచుకుంటాను, ఉద్యోగానికి ఏదైనా అయితే మనందరికీ అదే ఆధారం" అంటే వినని తండ్రి అరుదు. మధ్యలో వచ్చే ఖర్చులకు వేరే డబ్బు పెట్టానని కూడా చెప్పండి, ఫీజులు, ప్రీమియంల తేదీలు అమ్మనడిగి రాసుకోండి. అందులో ఎంత ఉందో మాత్రం ప్రతినెలా చెప్పాల్సిన పని లేదని నా అభిప్రాయం, ఉందని తెలిస్తే ఖర్చు దానంతట అదే పుడుతుంది.

ఆ అప్పును ముందే తీర్చేద్దామా అని అడుగుతారేమో. మామూలు ఈఎంఐ అప్పయితే చివరి 14 వాయిదాల్లో ఎక్కువ భాగం అసలే, వడ్డీ చాలావరకు ముందే కట్టేసి ఉంటారు, ముందు తీర్చినా మిగిలేది తక్కువ. చేతిలో డబ్బుండటం ముఖ్యం. అలా కాకుండా నెలనెలా వడ్డీ మాత్రమే కడుతూ అసలు అలాగే ఉన్న అప్పయితే, అది 14 నెలలకు తీరదు, అప్పుడు ఒక నెల ఖర్చు చేతిలో ఉంచుకుని మిగతాదంతా అసలు తగ్గించడానికే పెట్టండి. ఏ రకమో నాన్నగారిని అడిగి కాగితం చూడండి.

మీ పేరు మీద కొత్త అప్పు తీసుకుని ఇంటికి ఇవ్వడం, బంధువుల అప్పుకు హామీ సంతకం పెట్టడం, ఈ రెండూ ఎమర్జెన్సీ ఫండ్ పూర్తయ్యేదాకా వద్దు. అలాగే నెల చివరి వారం క్రెడిట్ కార్డుతో నడుస్తోందా చూసుకోండి. నడుస్తుంటే మీరు అప్పు చేసి ఇంటికి పంపుతున్నట్టే, అప్పుడు మాత్రం 33ని తగ్గించాలి. ఎంతన్నది ఇంటి ఖర్చులు అందరూ కూర్చుని రాసి చూస్తేనే తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు మీ సంపాదన మీద ఆధారపడుతున్నారు కాబట్టి మీ పేరున ఒక టర్మ్ పాలసీ కూడా తీసుకోండి, ఈ వయసులో ప్రీమియం తక్కువే, దాన్ని మీ 43లోంచి కట్టండి.

జీతం పెరిగినప్పుడు, పెరిగిన దాంట్లో సగం పొదుపుకి, పావు ఇంటికి, పావు మీకు. పెరిగిన మొదటి నెలే ఈ మార్పు చేసి, ఆ కొత్త మొత్తాన్నే ఇంట్లో చెప్పండి.