డాక్టర్ సలహా: పచ్చి తెల్లసొన, బయోటిన్ మాత్ర

నా వయసు 24. ఆరు నెలలుగా జిమ్‌కి వెళ్తున్నాను. రోజూ ఆరు గుడ్ల తెల్లసొన పచ్చిగా పాలలో కలిపి తాగుతున్నాను. పచ్చసొన కొవ్వని పారేస్తున్నాను. జుట్టు రాలుతుంటే బయోటిన్ 10 ఎంజీ మాత్ర వేసుకుంటున్నాను. తెల్లసొన ప్రొటీనే మంచిది కదా? ఇంకా ఎన్ని పెంచాలి?
– ఓ పాఠకుడు, వరంగల్

పెంచే మాట తర్వాత, ముందు పచ్చిగా తాగడం ఆపండి. ఉడికించిన గుడ్డులోని ప్రొటీన్ దాదాపు 90 శాతం ఒంటికి పడుతుంది, పచ్చిదైతే సగమే. ఆరు తెల్లసొనల్లో ఉండేదే సుమారు 21 గ్రాములు. అందులో సగం వృథా అవుతోందన్నమాట. పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఎలాగూ ఉంది.

పచ్చి తెల్లసొనలో అవిడిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది పేగుల్లో బయోటిన్ అనే బి విటమిన్‌ను గట్టిగా పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. బాగా ఉడికిస్తే ఆ పట్టు పోతుంది. బయోటిన్ ఉండేది పచ్చసొనలో, మీరు దాన్ని పారేస్తున్నారు. నెలల తరబడి ఇలా చేస్తే జుట్టు రాలొచ్చు, నోటి చుట్టూ ఎర్రటి దద్దుర్లు రావొచ్చు. మీకు జరిగింది ఇదేనని చూడకుండా చెప్పలేను. థైరాయిడ్, ఐరన్ లోపం కూడా కారణం కావచ్చు.

నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నది ఆ మాత్ర. ఎవరు రాశారు? 10 ఎంజీ అంటే రోజుకు కావలసినదానికి కొన్ని వందల రెట్లు. చాలా ల్యాబ్‌లలో థైరాయిడ్ పరీక్షకు వాడే పద్ధతిలోనే బయోటిన్ ఉంటుంది. రక్తంలో అది ఎక్కువైతే టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా తప్పుడు రిపోర్టు వస్తుంది. లేని జబ్బుకు మందు మొదలయ్యే ప్రమాదం ఉంది. గుండెనొప్పికి చేసే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పొచ్చు. సొంతంగా కొనుక్కున్న మాత్రే కదా అని డాక్టర్‌కు చెప్పకుండా ఉండకండి.

ఇక మీరడిగింది. తొమ్మిది అత్యవసర అమైనో ఆమ్లాలూ రెండు సొనల్లోనూ ఉన్నాయి. ఒక గుడ్డులో తెల్లసొన నుంచి మూడున్నర గ్రాములు, పచ్చసొన నుంచి రెండున్నర గ్రాముల పైన ప్రొటీన్ వస్తుంది. ఆ ఆమ్లాల్లో మన అన్నంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. గుడ్డులో రెండూ సరిపడా ఉంటాయి కాబట్టి భోజనంలో ఒక గుడ్డు కలిసినా లోటు తీరుతుంది. విటమిన్ ఎ, డి, కోలిన్ మాత్రం పచ్చసొనలోనివే. కొలెస్ట్రాల్ కూడా అందులోనే, ఒక్కోదాంట్లో 180 మిల్లీగ్రాముల పైన.

ఇతర జబ్బులేవీ లేకపోతే రెండు గుడ్లు మొత్తంగా, ఇంకో రెండు మూడు తెల్లసొనలు, అన్నీ ఉడికించి తినండి. షుగర్ గానీ, చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ ఎక్కువగా గానీ ఉంటే పచ్చసొనల లెక్క మీ డాక్టర్ చెప్పాలి. మాత్ర ఆపిన కనీసం రెండు మూడు రోజుల తర్వాత చర్మవైద్యుడి సలహాతో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ చేయించుకోండి. రక్తం ఇచ్చేటప్పుడు బయోటిన్ వాడిన సంగతి, ఎప్పుడు ఆపారో ల్యాబ్‌వాళ్లకు చెప్పండి.