సంతకం పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ విద్యార్థిని అమెరికాలో ఎమ్మెస్‌కు దరఖాస్తు చేస్తోందనీ, సిఫార్సు లేఖ తనే రాసుకొచ్చి సంతకం పెట్టమందనీ రాశావు. ఆ కాగితం పక్కన పెట్టు. తప్పు ఆ పిల్లది కాదు, మన కాలేజీల అలవాటే అంత. నేనూ అలా సంతకాలు పెట్టినవాణ్నే. ఒకే యూనివర్సిటీకి వెళ్లిన ఇద్దరి లేఖల్లో రెండో పేరా పొల్లు పోకుండా ఒకటేనని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను.

డ్రాఫ్టుకు బదులు ప్రాజెక్టు రికార్డు, మార్కుల మెమోలు, ఎస్‌ఓపీ తెమ్మను. మార్కులు వాళ్లకు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎలాగూ కనిపిస్తాయి. అందులో లేనిది నువ్వు చెప్పాలి. "కష్టజీవి, చురుకైన విద్యార్థిని" అంటే ఎవరికైనా సరిపోతుంది.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన ఫ్లైయాష్ కాంక్రీట్ సంగతే రాయి. సిమెంటులో 30 శాతం తీసి ఫ్లైయాష్ వేశారు. 28 రోజులకు మూడు క్యూబులు పగలగొడితే బలం 31, 32, 22 మెగాపాస్కల్స్ వచ్చింది. సగటు 28 పైచిలుకు. ఏ క్యూబూ సగటుకు 15 శాతం మించి తేడా ఉండకూడదని మన కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 అంటుంది, ఇక్కడ మూడోది 22 శాతం తక్కువ. దాన్ని వదిలేసి మిగతా రెండింటి సగటు రాసేద్దామని జట్టువాళ్లు అన్నారు. ఈ అమ్మాయి ఒప్పుకోక మళ్లీ పోత పోసి, ఇంకో 28 రోజులు ఆగింది, రికార్డులో రెండు ఫలితాలూ ఉంచింది. దీన్ని ఆరేడు వాక్యాల్లో, నువ్వు కళ్లారా చూసినంతవరకే రాయి. ఆ తర్వాత "నిజాయితీపరురాలు" అని వేరే చెప్పక్కర్లేదు.

ఎన్నాళ్లుగా తెలుసు, ఏ సబ్జెక్టు చెప్పావు అన్నది మొదటి పేరాలో రెండు వాక్యాలు. పోల్చేటప్పుడు దేనితోనో చెప్పు: "నేను ఐదేళ్లలో గైడ్ చేసిన ప్రాజెక్టు విద్యార్థుల్లో మొదటి ముగ్గురిలో ఒకరు" అన్నట్టు, అది నిజమైతేనే సుమా. పోర్టల్లో రేటింగ్ పట్టిక కూడా వస్తుంది. అన్ని గడుల్లోనూ అందరికన్నా మేటి అని టిక్ పెడితే లేఖ మీద కూడా నమ్మకం పోతుంది. ఇంగ్లీషు రాయడంలో కొంచెం తడబడుతుందన్నావుగా, అక్కడ ఒక మెట్టు తగ్గించు. లేఖ ఒక పేజీ దాటి ఒకటిన్నర వరకు ఫర్వాలేదు, లెటర్‌హెడ్ మీద ఉండాలి.

లేఖ చూసే హక్కు వదులుకుంటున్నానని దరఖాస్తులో టిక్ పెట్టమని తనకు చెప్పు. లేకపోతే ఆ అమ్మాయి చదువుతుందని మొహమాటపడి రాశావేమోనని చదివేవాళ్లు అనుకోవచ్చు. నీ జీమెయిల్ కాకుండా కాలేజీ మెయిల్ ఇవ్వమను. లింకు రాకపోతే స్పామ్‌లో వెతుకు. డిసెంబరు 15 గడువు అంటున్నావు కాబట్టి నెల మొదటి వారంలోనే అప్‌లోడ్ చేసెయ్. ఆఖరి రోజు సెమిస్టర్ ప్రాక్టికల్స్ మధ్య కూర్చుని రాస్తే మళ్లీ ఆ పాత పేరానే వెళ్తుంది.

మీ మాస్టారు