ఒడియా ఫారం ఫోటో పెట్టేముందు

“మాది పర్లాకిమిడి. పాప స్కాలర్‌షిప్ ఫారం ఒడియాలో ఉంది, ఏడో గడిలో ఏం అడిగారో తెలియట్లేదు. పేరు, ఆధార్ నంబరు ఫోన్‌లో మార్కర్‌తో కొట్టేసి మొత్తం పేజీ ఫోటో పెట్టనా?”

మొత్తం పేజీ వద్దండి. ఆ గడి చదవడానికి ఆ ఒక్క వరస, దాని పైన ఉన్న శీర్షిక చాలు.

ఫోన్‌లో హైలైటర్ లాంటి నల్ల గీత చూడటానికి అంతా కప్పేసినట్టే ఉంటుంది, కానీ అది కొంచెం పారదర్శకం. ఎవరైనా ఫోటో వెలుతురు పెంచితే కింది అంకెలు బయటపడతాయి. అందుకే ఫోటో తీయకముందే కప్పండి. రెండు తెల్లకాగితాలు తీసుకుని ఒకటి ఆ శీర్షికకు పైన, ఇంకోటి ఏడో గడికి కింద పెట్టండి. కాగితం పలచగా ఉంటే కింది అక్షరాలు కనిపిస్తాయి, మడిచి పెట్టండి. అప్పుడు అసలు ఫోటోలోనే వివరాలు ఉండవు, గ్యాలరీలో పొరపాటున వేరే కాపీ పంపేస్తామన్న టెన్షన్ కూడా ఉండదు.

చాలామంది పేరు కప్పి, పక్కనున్న ఆధార్ జిరాక్సు మీది క్యూఆర్ కోడ్ వదిలేస్తారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోటో అందులోనే ఉంటాయి, స్కాన్ చేస్తే వచ్చేస్తాయి. జిరాక్సును ఫ్రేములోకే రానివ్వకండి. అప్లికేషన్ నంబరు, పాప సంతకం, బ్యాంకు ఖాతా గడి కూడా అంతే. బడి పేరు, తరగతి, ఊరు కలిస్తే పేరు లేకపోయినా పాప ఎవరో మన ఊళ్లో ఇట్టే పోల్చేస్తారు, అవీ కప్పండి.

తీశాక పంపేముందు ఫోటోను పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. ఏడో గడి అక్షరాలు స్పష్టంగా ఉంటే, ఒడియా చదివేవాళ్లు ఇక్కడే చెప్పేస్తారు.